కరెంటు ఆఫీసు నుంచి అంటూ ఫోన్ వచ్చాక: పెద్దమ్మ పేమెంట్ యాప్‌ను మేము ఎలా సర్దామంటే

విశాఖ కూర్మన్నపాలెంలో మా పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. పెదనాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పోయాక పెన్షన్, కొంచెం వడ్డీ డబ్బుతో ఇల్లు నడుపుకుంటోంది. ఒక సాయంత్రం ఆమెకు మెసేజ్ వచ్చింది: పోయిన నెల బిల్లు సిస్టంలో ఎక్కలేదు, రాత్రి 9:30కి కరెంటు కట్ చేస్తాం, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి. ఆమె చేసింది. అవతలి వాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. "అమ్మా, పది రూపాయలు కడితే అప్‌డేట్ అయిపోతుంది, ఎలాగో నేనే చూపిస్తాను" అని ప్లే స్టోర్ నుంచి ఒక యాప్ వేయించాడు. స్క్రీన్ మీద కనిపించిన నంబర్ చదవమన్నాడు. తర్వాత వచ్చిన బాక్సులో ఒప్పుకోమన్నాడు. అరగంటలో ఆమె ఖాతాలోని రూ.72,300లో ముందు 40,000, తర్వాత 18,000 పోయాయి. మూడోసారికి పక్కింటి అబ్బాయి వచ్చి ఫోన్ లాక్కుని ఆపేశాడు.

"పది రూపాయలే కదా బాబూ" అని పెద్దమ్మ నాతో పదిసార్లు అని ఉంటుంది. ఆమె తన యూపీఐ పిన్ ఎవరికీ చెప్పలేదు. ఓటీపీ కూడా నోటితో చెప్పలేదు. మరి డబ్బు ఎలా పోయిందన్నది అర్థమైతేనే ఫోన్‌లో ఏ సెట్టింగ్ ముందు మార్చాలో తెలుస్తుంది. అందుకని మొదట అది చెబుతాను.

స్క్రీన్ షేరింగ్‌లో అవతలి వాడికి కనబడేది ఏమిటి

ఆమె ఫోన్‌లో వేయించింది దొంగ యాప్ కాదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ క్విక్‌సపోర్ట్ లాంటివి కంప్యూటర్ రిపేరు వాళ్లు దూరం నుంచి సాయం చేయడానికి వాడే అసలు యాప్‌లే. ఎనీడెస్క్ పేరు చెప్పి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్ తెరవగానే ఒక అంకెల కోడ్ కనిపిస్తుంది. ఆ కోడ్ చెప్పి, తర్వాత వచ్చే అనుమతి నొక్కితే మీ స్క్రీన్ మొత్తం అవతలి వాడి స్క్రీన్ మీద వెలుగుతుంది.

అయితే యూపీఐ పిన్ కొట్టే పేజీ మాత్రం సాధారణంగా అతనికి కనబడదు. స్క్రీన్‌షాట్ తీయడానికి వీల్లేకుండా ఆ పేజీని కట్టారు కాబట్టి అవతల నల్లగా కనిపిస్తుంది. అందుకే వాళ్లు పిన్ జోలికి పోకుండా కార్డు దారి పడతారు. పెద్దమ్మకు పది రూపాయలు కట్టే పేజీ అంటూ ఒక లింక్ పంపాడు. అందులో డెబిట్ కార్డు నంబర్, గడువు తేదీ, వెనకాల ఉండే మూడు అంకెలు ఆమే టైప్ చేసింది. అతను చూసి రాసుకున్నాడు. ఆ వివరాలతో వేరేచోట 40,000 కొనుగోలు మొదలుపెట్టాడు. ఓటీపీ ఆమె ఫోన్‌కి వచ్చింది, నోటిఫికేషన్‌గా స్క్రీన్ పైన రెండు మూడు సెకన్లు మెరిసింది. అతనికి అది చాలు. ఆమె చెప్పనక్కర్లేకుండానే ఓటీపీ చేతికి వచ్చేసింది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకో మెట్టు కూడా ఉంది. యాక్సెసిబిలిటీ అనే అనుమతి ఇప్పించుకుంటే అతను చూడడమే కాదు, మీ ఫోన్‌ని తన వేలితో నొక్కినట్టు నొక్కగలడు. ఐఫోన్‌లో ఈ యాప్‌లు చూడగలవు గానీ నొక్కలేవు. చూడడం ఒక్కటే సరిపోతుందని మా ఇంట్లో జరిగిందే చెబుతోంది.

ఈ మధ్య యాప్ వేయించడం కూడా మానేస్తున్నారు. వాట్సాప్ వీడియో కాల్‌లోనే స్క్రీన్ షేర్ బటన్ ఉంది, దాన్ని నొక్కమంటున్నారు. కాబట్టి కొత్త యాప్ ఏదీ వేయలేదు కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఏ దారిలో వచ్చినా ఆండ్రాయిడ్ ఒక బాక్స్ చూపిస్తుంది: మీ స్క్రీన్ మీద కనిపించేదంతా, పాస్‌వర్డులు, పేమెంట్ వివరాలు, మెసేజ్‌లతో సహా, ఈ యాప్‌కి అందుతుందని అందులో రాసి ఉంటుంది. ఆ బాక్స్ ఎలా ఉంటుందో మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి నిజంగా తెప్పించి చూపించండి. నేను పెద్దమ్మతో వాట్సాప్ వీడియో కాల్ కలిపి షేర్ నొక్కించి, నా ఫోన్‌లో ఆమె స్క్రీన్ ఎలా కనబడుతోందో చూపించాను. నేను ఎంత వివరించినా ఎక్కని విషయం అప్పుడు ఎక్కింది. కొన్ని పేమెంట్ యాప్‌లు స్క్రీన్ షేర్ నడుస్తున్నప్పుడు తెరిస్తే హెచ్చరిక చూపిస్తాయి. దాన్ని పట్టించుకోవద్దని, సర్వర్ మెసేజ్ అని అవతలి వాడు అంటాడు. ఆ మాట విన్న క్షణమే ఫోన్ పెట్టేయాలి.

మొదటి పని: ఫోన్‌లో ఎవరైనా మిగిలి ఉన్నారేమో చూడండి

తాళాలు వేసే ముందు ఇల్లు వెతకాలి కదా. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి పైనుంచి కిందిదాకా చదవండి. AnyDesk, QuickSupport, RustDesk, AirDroid లాంటి పేర్లు ఉంటే, అవి మీ పనికి అవసరమైతే తప్ప, తీసేయండి.

తర్వాత సెట్టింగ్స్‌లో Accessibility తెరవండి. అందులో Downloaded apps లేదా Installed apps అనే భాగం ఉంటుంది. అక్కడ ఆన్‌లో ఉన్నవి మీకు తెలిసినవేనా? చూపు సరిగా లేనివాళ్లు వాడే టాక్‌బ్యాక్ లాంటిది మీరే పెట్టుకుంటే సరే. తెలియని పేరు ఆన్‌లో ఉంటే ముందు దాన్ని ఆఫ్ చేసి, ఆ తర్వాత యాప్ తీసేయండి. తీసేయడానికి వీలు కావడం లేదంటే అది Device admin apps జాబితాలో కూర్చుని ఉంటుంది. అక్కడ టిక్ తీసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే ఫోటోలు, కాంటాక్టులు దాచుకుని ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మంచిది.

ఇదే చోట ఇంకొకటి. Install unknown apps అని సెట్టింగ్స్‌లో వెతకండి. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ ఆ అనుమతి ఆఫ్‌లో ఉండాలి. ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి కార్డు అనో వాట్సాప్‌లో వచ్చే ఫైల్ పేరు చివర .apk అని ఉంటే అది ఫోటో కాదు, యాప్. వేసుకుంటే మీ ఎస్సెమ్మెస్‌లన్నీ వేరేవాడికి పంపుతూ కూర్చోగలదు. ఈ అనుమతి ఆఫ్‌లో ఉంటే పొరపాటున నొక్కినా ఫోన్ ఒకసారి ఆపి అడుగుతుంది.

రెండో పని: లిమిట్లు, ముందు కార్డుకి

అందరూ యూపీఐ లిమిట్‌తో మొదలుపెడతారు. నేను కార్డుతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే పెద్దమ్మ డబ్బు పోయింది ఆ దారిలోనే. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2020 అక్టోబర్ నుంచి ప్రతి బ్యాంకూ కార్డుని విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే వీలు ఇవ్వాలి: ఏటీఎం వేరు, షాపులో మిషన్ వేరు, ఆన్‌లైన్ వేరు, విదేశాలు వేరు. మీ బ్యాంక్ యాప్‌లో కార్డుల భాగంలోకి వెళ్తే ఈ బటన్లు కనిపిస్తాయి. యాప్ లేకపోతే బ్యాంకు ఏటీఎంలోనో, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసో మార్చుకోవచ్చు.

పెద్దమ్మ కార్డుకి ఆన్‌లైన్ ఆఫ్ చేశాం, విదేశాలు ఆఫ్ చేశాం. ఏటీఎం మాత్రం ఆన్, రోజుకి 10,000. ఆమె కార్డుతో ఆన్‌లైన్‌లో కొనేది ఏమీ లేదు కాబట్టి దీనివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. ఆ రోజే ఇలా ఉండి ఉంటే కార్డు నంబర్, ఓటీపీ రెండూ అతని చేతిలో ఉన్నా ఆ 40,000 బ్యాంకు దగ్గరే ఆగిపోయేది. మీరు ఆన్‌లైన్‌లో కార్డు వాడేవాళ్లయితే మామూలుగా అయ్యే ఖర్చు మేరకు లిమిట్ పెట్టి, పెద్దది కొనాల్సిన రోజున పెంచుకుని మళ్లీ తగ్గించండి.

ఇప్పుడు యూపీఐ. మామూలు పంపకాలకు రోజుకి లక్ష రూపాయల వరకు వీలుంది. కొన్ని బ్యాంకులు తమ యాప్‌లో UPI limit అని దీన్ని తగ్గించుకోనిస్తాయి. ఉంటే తప్పకుండా వాడండి. కానీ నా అభిప్రాయం సూటిగా చెబుతాను: యాప్‌లో పెట్టిన లిమిట్‌ని, యాప్ తెరవగలిగినవాడు పెంచగలడు. దూరం నుంచి ఎవరూ పెంచలేని లిమిట్ ఒక్కటే ఉంది, ఆ ఖాతాలో అసలు ఎంత డబ్బు ఉందన్నది.

అందుకని పెద్దమ్మకి ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిపించాం. కనీస నిల్వ లేకపోతే చార్జీ వేయని ఖాతా అడగండి, లేకపోతే నెలనెలా అక్కడే కోత పడుతుంది. ఆమె నెల ఖర్చు కూర్చుని లెక్కేశాం. పాలు, రైతు బజార్ కూరగాయలు, మందులు, గ్యాస్, వారానికోసారి చేపలు, గాజువాక వెళ్లే ఆటో, అన్నీ కలిపి ఐదు వేలు దాటడం లేదు. బ్యాంకు బ్రాంచికి వెళ్లి, పెన్షన్ ఖాతా నుంచి ప్రతి నెలా 5వ తేదీన 5,000 కొత్త ఖాతాకి దానంతట అదే వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసిచ్చాం. యూపీఐకి కొత్త ఖాతా మాత్రమే కలిపాం.

పెన్షన్ ఖాతాను ఫోన్‌లో ఉన్న ప్రతి పేమెంట్ యాప్ నుంచీ విడివిడిగా తీసేయాలి. ఒకదాంట్లో తీస్తే ఇంకోదాంట్లో పోదు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, కానీ ఇంకో అడుగు ఉంది. ఆ ఖాతాకి అదే మొబైల్ నంబర్ ఉన్నంతకాలం, ఆ సిమ్, డెబిట్ కార్డు వివరాలు దొరికినవాడు దాన్ని మళ్లీ యూపీఐకి కలపగలడు. కొన్ని బ్యాంకుల నెట్ బ్యాంకింగ్‌లో యూపీఐని ఖాతా స్థాయిలోనే ఆపే బటన్ ఉంటుంది. లేకపోతే ఈ ఖాతాకి యూపీఐ వద్దని బ్రాంచిలో కాగితం రాసిచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. పెన్షన్ ఖాతా బ్యాంక్ యాప్‌ని కూడా ఆ ఫోన్‌లోంచి తీసేశాం. బ్యాంక్ యాప్ చేతికి చిక్కితే ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిచేయడం, అప్పటికప్పుడు దొరికే లోన్ తీసుకోవడం కూడా చేస్తారు. అప్పుడు ఖాతాలో ఉన్నది పోవడమే కాదు, లేనిది అప్పుగా మీద పడుతుంది.

ఇంకో లిమిట్ మీరు పెట్టకుండానే ఉంది. కొత్త ఫోన్‌లో యూపీఐ రిజిస్టర్ చేసిన మొదటి 24 గంటల్లో 5,000 మించి పంపనివ్వరు. మీరు ఏమీ చేయకుండానే యూపీఐ రిజిస్ట్రేషన్ జరిగిందని మెసేజ్ వస్తే, లేదా మీ ఫోన్ నుంచి అర్థంకాని అక్షరాలతో ఒక ఎస్సెమ్మెస్ బయటికి వెళ్లినట్టు కనిపిస్తే, ఎవరో మీ నంబర్‌తో మీ ఖాతాని తమ ఫోన్‌లోని యూపీఐకి కలుపుకుంటున్నట్టే. పెద్ద మొత్తం కదిలేలోపు మీకు ఆ గడువు దొరుకుతుంది. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేయండి.

మూడో పని: యాప్ లాక్

యాప్ లాక్‌ని చివర్లో చెప్పడానికి కారణం ఉంది. స్క్రీన్ షేరింగ్ మోసాన్ని ఇది ఆపదు. అక్కడ యాప్ తెరిచేది మీరే, వేలిముద్ర వేసేదీ మీరే. యాప్ లాక్ పనికొచ్చేది ఫోన్ ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు: పూర్ణా మార్కెట్ రద్దీలో జేబులోంచి పోయినప్పుడు, రిపేరు షాపులో ఇచ్చినప్పుడు, పిల్లాడికి ఆటకి ఇచ్చినప్పుడు.

పేమెంట్ యాప్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Security లేదా Privacy & security అని ఉన్నచోట స్క్రీన్ లాక్ ఆన్ చేయండి. ఇలాంటి లాక్ చాలాసార్లు ఫోన్ తాళాన్నే అడుగుతుంది. అంటే మీ ఫోన్ పిన్ తెలిసిన మనవడికి యాప్ లాక్ కూడా తెలిసినట్టే. అందుకని షావోమి, వివో, ఒప్పో, రియల్‌మీ లాంటి ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఉండే App lock వాడి, ఫోన్ పిన్‌తో సంబంధం లేని వేరే పిన్ పెట్టండి. శామ్‌సంగ్‌లో Secure Folder ఉంటుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి యాప్ గుర్తుని నొక్కి పట్టుకుంటే ఫేస్ ఐడీ అడిగేలా పెట్టే వీలుంది. పెట్టాక యాప్‌ని మూసి, ఒక నిమిషం ఆగి మళ్లీ తెరిచి చూడండి. నేరుగా తెరుచుకుంటే లాక్ పడలేదు.

ఫోన్‌లో ఎవరెవరి వేలిముద్రలు ఉన్నాయో కూడా చూడండి. పెద్దమ్మ ఫోన్‌లో మూడు ఉన్నాయి, ఆమెది ఒక్కటే. చిన్న మొత్తాలకి యూపీఐ పిన్ బదులు వేలిముద్రతో కట్టే పద్ధతి ఇప్పుడు వచ్చింది కాబట్టి మిగతా రెండూ తీసేశాం.

యూపీఐ లైట్ గురించి ఒక మాట. యూపీఐ యాప్‌లోనే కొంచెం డబ్బు పక్కన పెట్టుకుని, చిన్న చిన్న మొత్తాలు దాన్లోంచి కట్టే పద్ధతి ఇది. దీన్లో పిన్ అడగదు. ఒక్కోసారి 1,000 వరకు కట్టొచ్చు, మొత్తం 5,000 వరకు నిల్వ పెట్టుకోవచ్చు. రైతు బజార్‌లో పాతిక రూపాయల కొత్తిమీరకి ఇది చాలా హాయిగా ఉంటుంది, నేనూ వాడతాను. కానీ ఫోన్ తెరిచి దొరికినవాడికి ఆ నిల్వ చేతిలో నోట్ల లాంటిదే. పర్సులో ఎంత పెట్టుకు తిరుగుతారో అంతే వేసుకోండి. వద్దనుకుంటే యాప్‌లోనే ఆపేస్తే మిగిలింది ఖాతాలోకి వెనక్కి వస్తుంది.

లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లోని విషయం కనబడకుండా నోటిఫికేషన్ సెట్టింగ్‌లో మార్చండి. లేకపోతే ఫోన్ తాళం తీయకుండానే ఓటీపీ చదివేయొచ్చు. దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలన్నీ అక్కడికే వెళ్తాయి. దానికి అడ్డు సిమ్ లాక్, అంటే సిమ్‌ని ఏ ఫోన్‌లో వేసినా ముందు దాని పిన్ అడిగేలా పెట్టడం. అది ఆన్ చేసేముందు మీ సిమ్ కంపెనీ ఇచ్చే మొదటి పిన్ ఏదో కస్టమర్ కేర్‌లో అడిగి తెలుసుకోండి. ఊహించి కొట్టవద్దు, మూడుసార్లు తప్పితే సిమ్ మూసుకుపోయి పీయూకే కోడ్ అడుగుతుంది.

మోసం జరుగుతుండగా తెలిస్తే

కాల్ కట్ చేసినంత మాత్రాన యాప్‌తో నడిచే స్క్రీన్ షేరింగ్ ఆగదు. అది ఇంటర్నెట్ మీద నడుస్తుంది. ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆఫ్‌లో ఉందని చూసుకోండి. స్క్రీన్ నల్లగా అయిపోయి ఏదీ నొక్కనివ్వకపోతే పవర్ బటన్‌ని, అవసరమైతే వాల్యూమ్ తగ్గించే బటన్‌తో కలిపి, ఫోన్ ఆగేదాకా పట్టుకోండి. ఇంట్లో వైఫై ఉంటే రౌటర్ స్విచ్ తీసేయండి.

తర్వాత పనులన్నీ వేరే ఫోన్ నుంచి. కార్డు వెనక ఉన్న నంబర్‌కి చేసి కార్డు, యూపీఐ రెండూ ఆపించండి. ఆ నంబర్‌ని గూగుల్‌లో వెతకవద్దు, అక్కడ కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు కూడా తగులుతాయి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఖాతా నంబర్, ఎంత పోయింది, ఏ సమయానికి, డబ్బు కట్ అయిన మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబర్ అడుగుతారు. డబ్బు దొంగ చేరిన ఖాతా నుంచి ముందుకు కదలకముందే ఆపడం వాళ్ల పని, అందుకే నిమిషాలు లెక్క. పెద్దమ్మ విషయంలో 1930కి చేసేసరికి నలభై నిమిషాలైంది. 18,000 అవతలి ఖాతాలో ఆగి, కొన్ని వారాలకు తిరిగొచ్చింది. 40,000 అప్పటికే చేతులు మారిపోయింది. cybercrime.gov.in లో ఫిర్యాదు రాయడానికి, సైబర్ క్రైమ్ పోలీసులను కలవడానికి నేనే తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు ఆ మెసేజ్‌లు, కాల్ వచ్చిన నంబర్, బ్యాంకు స్టేట్‌మెంట్ కాగితాల మీద ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లోంచి ఆ మెసేజ్‌లు చెరపకండి.

ఇప్పుడు పెద్దమ్మ ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంది. పైన 1930, దాని కింద కార్డు వెనకున్న నంబర్, ఆ కింద నా నంబర్. పోయిన నెల మళ్లీ ఎవడో కేవైసీ అని ఫోన్ చేసి యాప్ వేయమన్నాడట. "మా అబ్బాయి వచ్చాక వేస్తాను నాయనా" అని పెట్టేసి, నాకు ఫోన్ చేసి ఆ నంబర్ చదివింది.